మర్యాద పేరుతో దాచిన తేదీలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు సీనియర్లు చెప్పే బుద్ధుల్లో ఒకటి ఏళ్లు గడిచినా మారదు. సెలవు అడిగే మెయిల్‌లో ఎత్తుకుంటూనే సెలవు ఊసు తేకూడదట. ముందు ‘రెస్పెక్టెడ్ సర్’ అనాలి. ఆపైన మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను అన్న వాక్యం. ఆపైన ఇంట్లో పరిస్థితి, కారణం, అది ఎంత తప్పనిసరో వివరణ. ఇవన్నీ అయ్యాక అట్టడుగున ‘కావున దయతో’ అంటూ తేదీలు. అలా రాస్తేనే వినయం ఉన్నట్టు, లేకపోతే పైవాడికే ఆర్డరు వేసినట్టు ఉంటుందని వాళ్ల భయం. ఇక సబ్జెక్ట్ లైన్ అంటారా, దాన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ. ‘లీవ్’ అనో, ‘లీవ్ రిక్వెస్ట్’ అనో, ‘రిగార్డింగ్ లీవ్’ అనో రెండు మాటలు పడేసి ముందుకెళ్తారు. లోపల అంతా రాశాం కదా, తెరిచి చదువుకుంటారులే అన్న ధీమా.

ఈ పద్ధతిని నేను మర్యాద అనను. చదివేవాళ్ల నెత్తిన పని పెట్టి, దానికి వినయమని పేరు పెట్టుకోవడం అంటాను. ఏ తేదీల్లో మీరు ఉండరు, ఆ మెయిల్ చూసినవాళ్లు ఏం చేయాలి అన్న రెండు సంగతులూ సబ్జెక్ట్ లైన్‌లోనే తెలియాలి, మొదటి వాక్యంలో స్థిరపడాలి. కారణాలూ కృతజ్ఞతలూ తర్వాత ఎంతైనా రాసుకోవచ్చు.

ఊరికే వాదించడం దేనికి, సంక్రాంతినే తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌ని అడిగినా చెబుతారు, వాళ్ల ఇన్‌బాక్స్‌లో పండగ నవంబర్‌లోనే మొదలవుతుందని. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించింది. కాబట్టి జనవరి రెండో వారం ప్రయాణాలకు నవంబర్ రెండో వారంలో టికెట్లు తెరుచుకుంటాయి. టికెట్ కంటే ముందు సెలవు ఖాయం చేసుకోవాలని అందరూ ఒకే రోజుల్లో మెయిళ్లు పెడతారు. ఎనిమిది మంది టీమ్‌లో ఆరుగురు గోదావరి జిల్లాలవాళ్లో, విశాఖ వైపు వాళ్లో అనుకోండి. లీడ్ ఫోన్ తీసి చూస్తే ఆరు పేర్లు, వాటి కింద ‘లీవ్’, ‘లీవ్ రిక్వెస్ట్’, ‘సంక్రాంతి లీవ్’, మళ్లీ ‘లీవ్’ అని ఆరు సబ్జెక్టులు. ఆ కింద సన్నటి అక్షరాల్లో ఒక్కో మెయిల్ తొలి మాటలు. ఆరింట్లోనూ అవే మాటలు: ‘డియర్ సర్, ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్, ఐ యామ్ రైటింగ్ దిస్ టు...’ అక్కడ తెర అయిపోతుంది, వాక్యం తెగిపోతుంది.

మెయిల్ రాసేవాళ్లకు ఈ దృశ్యం ఎప్పుడూ కనిపించదు. వాళ్లు రాసేది కంప్యూటర్ మీద, పూర్తి పేజీ కనబడే కిటికీలో. చదివేవాళ్లకు ముందు కనబడేది చీలిక మాత్రమే. ఐఫోన్‌లోని మెయిల్ యాప్, మీరు సెట్టింగ్ మార్చకపోతే, లోపలి విషయంలో రెండు లైన్లు చూపిస్తుంది. జీమెయిల్ కూడా సబ్జెక్ట్ వెంటే లోపలి తొలి మాటలు కొన్ని తగిలిస్తుంది. నోటిఫికేషన్‌లోనైతే ఇంకా తక్కువ. ఆ కాస్త జాగా మీ మెయిల్‌కి ఉన్న గుమ్మం. దాన్ని క్షేమసమాచారంతో నింపేసి, తేదీల్ని వెనక గదిలో కూర్చోబెడుతున్నాం.

మిగతా కథ ఊహించడం కష్టం కాదు. లీడ్ ఆరు మెయిళ్లూ తెరుస్తారు. ఒకరు ‘పండగ వారం’ అన్నారు. ఒకరు ‘12 నుంచి 16 వరకు’ అన్నారు, 16న వస్తారో రారో తెలియదు. ఒకరు ‘నాలుగు రోజులు’ అన్నారు, ఏ నాలుగో చెప్పలేదు. ఒకరు 12/01 నుంచి అని రాశారు. అది హైదరాబాద్‌లో జనవరి 12, ఆ మెయిల్ కాపీ వెళ్లిన అమెరికా మేనేజర్‌కి డిసెంబర్ 1. ఇంకొకరు నిరుటి సంక్రాంతి మెయిల్‌కే రిప్లై కొట్టి కొత్త సెలవు అడిగారు. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారితే సంభాషణ విడిపోతుంది, మారకపోతే రిప్లై పాతదాని కిందికే చేరుతుంది. కాబట్టి ఈ ఏడాది విన్నపం నిరుటి ‘అప్రూవ్డ్’ అన్న జవాబు కింద కూర్చుంటుంది. పైపైన చూసినవాళ్లు ఆ జవాబు దీనికే అనుకున్నా అనుకోవచ్చు. ఇప్పుడు లీడ్ చేయాల్సిందేమిటి? ఆరుగురికీ ‘ఏ తేదీలు, ఎప్పుడు తిరిగొస్తారు’ అని ఆరు జవాబులు రాయడం. మీ సెలవు మెయిల్‌కి వచ్చిన తొలి జవాబు ఒక ప్రశ్న అయితే, మీరు ఎంత మర్యాదగా రాశారన్నది పక్కన పెట్టండి, ఆ మెయిల్ పని చేయలేదని గుర్తు.

ఈ అలవాటు ఎక్కడిదో మనందరికీ తెలుసు. బడిదే. ఇంగ్లీషు పరీక్షలో లెటర్ రైటింగ్ అంటే సెలవు చీటీయే. జ్వరంతో బాధపడుతున్నందున బడికి రాలేకపోతున్నాను, కావున రెండు రోజులు సెలవు ఇప్పించగలరని ప్రార్థన, ఇట్లు తమ విధేయుడు. కారణం ముందు, విన్నపం వెనక. ఆ చీటీకి ఆ వరస సరిపోయింది. పక్కింటి పిల్లవాడి చేతికిచ్చి పంపితే హెడ్మాస్టరు గారి బల్ల మీదికి అరఠావు కాగితం పూర్తిగా వచ్చేది. ఒక్క చూపులో పైనుంచి కిందిదాకా, అడుగున నాన్న సంతకంతో సహా కనిపించేది. పైగా ఆ చీటీలో తేల్చాల్సింది కారణమే. పిల్లవాడికి నిజంగా జ్వరమా, మాట్నీనా అన్నది అక్కడ ప్రశ్న. రెండు రోజులు ఒక పిల్లవాడు రాకపోతే తరగతి ఆగదు, తేదీలకు పెద్ద విలువ లేదు. ఉద్యోగంలో ఇది తలకిందులు. మీ మేనేజరుకి మీ కారణం మీద అనుమానం ఉండడం తక్కువ. ఆయన లెక్క వేసుకోవాల్సింది తేదీలు, ఆ తేదీల్లో పడే పనులు. అయినా మనం ఉద్యోగంలో చేరి పదేళ్లయినా హెడ్మాస్టరు గారికే రాస్తున్నాం.

‘అది కాదండీ, మన సంస్కారమే వేరు’ అనేవాళ్లున్నారు. ఎవరింటికైనా వెళితే గుమ్మంలోనే వచ్చిన పని చెప్పం కదా, మంచినీళ్లు తాగి, కాఫీ తాగి, పిల్లల చదువులు అడిగి, లేచేముందు ‘అన్నట్టు బావగారూ’ అని కదా అసలు మాట ఎత్తుతాం అంటారు. నిజమే, నేనూ అలాగే చేస్తాను. అయితే ఆ ఇంట్లో మాట రెండు వైపులా నడుస్తుంది. మీరు పిల్లల గురించి అడిగితే వాళ్లు చెబుతారు, మీ ఊరి వానల గురించి వాళ్లు అడుగుతారు. ఆ కబుర్లు ఇద్దరికీ ఇష్టమైన కాలక్షేపం. మెయిల్‌లో ‘మీరు క్షేమమని తలుస్తాను’ అన్నదానికి జవాబు చెప్పేవాళ్లు లేరు, చెప్పాలని ఎవరూ ఎదురుచూడరు. అవతలి మనిషి లిఫ్ట్‌లో నిలబడి, మరో మీటింగుకు వెళ్తూ బొటనవేలితో తెర జరుపుతున్నాడు. కాఫీ లేని కబుర్లు అతనికి దేనికి?

పోనీ, మర్యాదే కావాలంటే మర్యాద ఎక్కడుంటుందో చూద్దాం. తెలుగులో గౌరవం వరుసలో ఉండదు, క్రియలో ఉంటుంది. ‘సెలవు ఇయ్యి’, ‘సెలవు ఇవ్వండి’, ‘సెలవు ఇప్పించగలరా’ అన్న మూడింటికీ దూరం ఎంతో చెప్పనక్కర్లేదు. ‘జనవరి 12 నుంచి 16 వరకు నాకు సెలవు ఇప్పించగలరా సార్’ అన్నది ఉత్తరంలో తొలి వాక్యంగా వచ్చినా, పదో వాక్యంగా వచ్చినా దాని వినయంలో రవ్వంత తేడా రాదు. మొదట్లో వస్తే ఆయన పని తేలికవుతుంది, అంతే. ఇంగ్లీషులో రాసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ‘మే ఐ’ అనో ‘ఐ రిక్వెస్ట్’ అనో మొదలుపెట్టిన వాక్యాన్ని ఆర్డరు అని ఎవరూ అనరు. తొలి వాక్యంలోనే అడగడం మోటుగా ఉందంటే, దోషం అడిగిన మాటల్లో వెతకాలి. అడిగిన చోటులో కాదు.

ఇంకో వాదన విన్నాను, కాస్త తెలివైనది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, ‘ఫలానా కారణం వల్ల, ఫలానా తేదీల్లో, సెలవు కావాలి’ అన్నదే మన నుడికారం, అసలు సంగతి ముందు చెప్పమనడం ఇంగ్లీషువాళ్ల అలవాటు అని. క్రియ చివరికి వస్తుందన్నది నిజం. అయితే ఆ చివర ఎంత దూరాన ఉండాలన్నది మన చేతిలో పని. కారణాన్ని ‘అందువల్ల’, ‘కావున’ అని కలిపి ఐదు లైన్ల వాక్యం చేస్తే క్రియ ఐదో లైన్లో తేలుతుంది. ‘12 నుంచి 16 వరకు సెలవు కావాలి’ అని ఆరు మాటల్లో ముగిస్తే క్రియ తెర దాటకుండానే వస్తుంది. ఆ తర్వాతి వాక్యంలో కారణం చెప్పుకోవచ్చు. ‘నేను రేపు రాను, అమ్మకి బాగోలేదు’ అని ఫోన్లో చెప్పని తెలుగువాడెవరు? మాట్లాడేటప్పుడు మనకు ఈ వరస సహజంగానే వస్తుంది. పెన్ను పట్టుకున్నాకే బడి గుర్తొస్తుంది.

పైగా అసలు సంగతి ముందు పెట్టడం కార్పొరేట్ కంపెనీలు వచ్చాక నేర్చుకున్న విద్య అనుకుంటే పొరపాటు. మనం ఎగతాళి చేసే సర్కారు కాగితాన్నే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఒక టీచరు ఆర్జిత సెలవు దస్త్రం కదిలితే దాని నుదుట ఉండే విషయం లైను దాదాపు ఇలా ఉంటుంది: ‘పాఠశాల విద్య – ఫలానా వారు, స్కూల్ అసిస్టెంట్ – ఆర్జిత సెలవు – ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు 10 రోజులు – ముందు వెనుక సెలవు దినాలు కలుపుకొనే అనుమతితో – మంజూరు కోరుట – గురించి.’ అడ్డగీతల మీద అడ్డగీతలు, చదవడానికి అందమేమీ లేదు. అయినా అందులో మనిషి ఉన్నాడు, సెలవు రకం ఉంది, తేదీలు, రోజుల లెక్క, పక్కనున్న ఆదివారాల సంగతి, కోరేదేమిటో అన్నీ ఉన్నాయి. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించే గుమాస్తా లోపలి ఉత్తరం చదవకుండానే ఆ లైను ఎక్కించగలడు. దస్త్రం మీద సంతకం చేసే అధికారి లోపలికి వెళ్లకుండానే ఇదేమిటో చెప్పగలడు. విషయం లైను తనంతట తానే నిలబడాలన్న సూత్రం మన ఆఫీసుల్లో ఈమెయిల్‌కి ముందునుంచే ఉంది. మన టెక్కీ కుర్రాడు ‘లీవ్’ అని ఒక్క మాట రాసి, సర్కారు గుమాస్తాని చూసి నవ్వుతున్నాడు!

ఆ లైనుని యథాతథంగా ఫోన్లోకి ఎత్తుకోమని కాదు నా మాట. అది రిజిస్టర్ గడికి పుట్టింది కాబట్టి శాఖ పేరుతో మొదలవుతుంది. ఫోన్ తెర మీద ‘పాఠశాల విద్య – ఫలానా వారు’ అన్నంతలోనే జాగా అయిపోతుంది. అందులోని సరుకు తీసుకుని, వరస మార్చాలి.

ఎలాగో ఆ ఆరుగురిలో ఒకరి మెయిల్ మీదే చూద్దాం. కాకినాడ అమ్మాయి అనుకోండి. 2026 సంక్రాంతి. జనవరి 14 బుధవారం భోగి, 15 పండగ, 16 శుక్రవారం కనుమ. ఆమె కంపెనీలో 15 ఒక్కటే సెలవు. 9వ తేదీ శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలని, 19 సోమవారం పొద్దున మళ్లీ పనిలో కూర్చోవాలని ఆమె ఆలోచన. ఆమె మొదట రాసింది సబ్జెక్ట్ ‘సంక్రాంతి లీవ్’. లోపల క్షేమసమాచారం, ఈసారి అన్నయ్య కుటుంబం దుబాయ్ నుంచి వస్తోందన్న సంగతి, రెండేళ్లుగా పండక్కి వెళ్లలేదన్న సంగతి, చివర ‘కాబట్టి నాలుగు రోజులు సెలవు మంజూరు చేయగలరు’.

నాలుగు రోజులన్నది తప్పు లెక్క కాదు. 12, 13, 14, 16. ఆమె సెలవు ఖాతాలో తగ్గేవి నాలుగే. కానీ లీడ్‌కి కావాల్సిన అంకె అది కాదు. ఆయనకి కావాల్సింది ఆమె ఎప్పట్నుంచి ఎప్పటిదాకా దొరకదన్నది. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూస్తే మళ్లీ తెరిచేది 19న. ఆ మధ్యలో ఎవరైనా శనివారం డిప్లాయ్‌మెంట్ పెట్టుకుంటే ఆమె రైల్లోంచి దిగుతూనో, గోదావరి గట్టు మీదో ఉంటుంది. ఖాతాలో తగ్గే రోజులు హెచ్‌ఆర్ పోర్టల్ లెక్క. కనబడని రోజులు టీమ్ లెక్క. సెలవు మెయిళ్లలో జరిగే గందరగోళంలో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే పుడుతుంది. ప్రభుత్వ దస్త్రంలో ‘ముందు వెనుక సెలవు దినాలు’ అన్న ముక్క ఉన్నది సరిగ్గా ఇందుకే.

కాబట్టి ఆమె సబ్జెక్ట్ ఇలా మారుతుంది: ‘లీవ్ అనుమతి కోసం: జనవరి 12–16, తిరిగి 19 సోమవారం’. మొదటి రెండు మూడు మాటల్లోనే ఇది సమాచారమా, విన్నపమా అన్నది తెలిసింది. ఆ వెంటనే తేదీలు. తెర అక్కడే తెగినా నష్టం లేదు, ఎందుకంటే పోయేది తిరిగొచ్చే తేదీ ఒక్కటే, అది మొదటి వాక్యంలో మళ్లీ వస్తుంది. నెల పేరు అక్షరాల్లో ఉంది కాబట్టి అమెరికాలో చదివినా డిసెంబర్ అయిపోదు. పండగ పేరు సబ్జెక్ట్‌లో లేదు. ఆరు మెయిళ్లలో ఆరూ సంక్రాంతికే అయినప్పుడు ఆ మాట ఏ మెయిల్‌నీ మరోదాన్నుంచి వేరు చేయదు.

ఇక మొదటి వాక్యం. ‘సార్, జనవరి 12 సోమవారం నుంచి 16 శుక్రవారం వరకు (15 కంపెనీ సెలవు పోను నాలుగు రోజులు) నాకు సెలవు ఇప్పించగలరా, 9న పని ముగించుకుని వెళ్లి, 19 సోమవారం ఉదయం తిరిగి చేరతాను.’ తేదీ పక్కన వారం పేరు ఎందుకంటే, మనం తప్పు తేదీ రాసినా వారంతో పొసగక దొరికిపోతుంది. 12 మంగళవారం అని పొరపాటున రాస్తే చదివినవాళ్లే అడుగుతారు. 12 అని మాత్రమే రాస్తే ఎవరికీ అనుమానం రాదు. ‘రేపు’, ‘ఎల్లుండి’, ‘వచ్చే శుక్రవారం’ అన్న మాటల్ని మెయిల్‌లో నమ్మకూడదు. రాత్రి పదకొండింటికి మీరు రాసిన రేపు, పొద్దున తొమ్మిదింటికి చదివేవాళ్లకు ఇవాళ. అన్నయ్య దుబాయ్ నుంచి రావడం, రెండేళ్లుగా వెళ్లకపోవడం, వీటిని తీసేయమని నేననను. రెండో పేరాలో ఉంచుకోమంటాను. మనసున్న లీడ్ అవి చదివి తప్పకుండా కదులుతాడు. తేదీలు తెలిశాక చదువుతాడు, అంతే తేడా.

జబ్బు చేసిన పొద్దున రాసే మెయిల్ వేరే జాతి. అక్కడ అనుమతి అన్న మాటకి అర్థం లేదు. వంద జ్వరంతో పడుకున్నవాడు ఇవ్వగలరా అని అడగడమేమిటి, ఇవ్వను అంటే లేచి వస్తాడా? అది సమాచారం. ‘ఈ రోజు సెలవులో ఉన్నాను: జనవరి 20 మంగళవారం’ అని సబ్జెక్ట్. తొలి వాక్యంలో రాలేనన్న సంగతీ, ఆ రోజు తన మీద ఆధారపడిన ఒక్క పని ఎవరి చేతిలో పెట్టాడో లేదా ఎవరి చేతిలోనూ పెట్టలేకపోయాడో ఆ సంగతీ. ‘పదకొండింటి క్లయింట్ కాల్‌కి ఎవరినీ చూడలేదు, దయచేసి ఎవరినైనా పెట్టగలరు’ అంటే లీడ్‌కి తొమ్మిదిన్నరకే పని మొదలవుతుంది. పాత పద్ధతిలో రాస్తే, నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు వెచ్చబడడం, డోలో వేసుకోవడం, రాత్రంతా నిద్ర లేకపోవడం దాటుకుని ఆ కాల్ సంగతి తేలేసరికి పదకొండు దాటుతుంది.

కారణం సబ్జెక్ట్‌లో పెట్టాలనేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లతోనూ నాకు తగాదా ఉంది. సూటిగా రాయమన్నారని ‘అర్జంట్ లీవ్: భార్యకి ఆపరేషన్’ అని రాసేవాళ్లను చూశాను. సబ్జెక్ట్ లైన్ ఒక్క మేనేజర్ కంట్లోనే పడదు. లాక్ చేసిన ఫోన్ మీద మెరుస్తుంది. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడు మూలన ప్రత్యక్షమవుతుంది. ఫార్వర్డ్ అయినకొద్దీ తనూ ప్రయాణిస్తుంది, హెచ్‌ఆర్‌కీ, క్లయింట్‌కీ, కాపీలో ఉన్న పదిమందికీ. జబ్బు పేరు, ఇంట్లోవాళ్ల సంగతి లోపల ఉండాల్సినవి, అవి కూడా తెలియాల్సినవాళ్లకే. స్పష్టత అంటే తేదీల గురించి, మీ ఇంటి గుట్టు గురించి కాదు. ‘అర్జంట్’ అన్నదాన్ని కూడా నేను తీసేయిస్తాను. తేదీ ఇవాళ్టిదైతే అర్జంటని చెప్పనక్కర్లేదు, రెండు నెలల తర్వాతదైతే చెప్పినా నమ్మరు.

‘పోర్టల్‌లో ఎలాగూ అప్లై చేశాం, మెయిల్ లాంఛనమే కదా’ అనేది ఇటీవలి వాదన. పోర్టల్ చూసేది సాధారణంగా మీ మేనేజరూ హెచ్‌ఆరూ. మీ పక్క టీమ్‌లో మీ కోడ్ కోసం ఎదురుచూసే మనిషి, క్లయింట్ వైపు మనిషి పోర్టల్ చూడరు, వాళ్ల చేతికి అందేది మెయిలే. లాంఛనం అయిన మెయిలే అక్కడ అసలు కబురు.

ఇంతవరకు వచ్చిన వాదనలన్నీ పైపైన చెప్పేవి. లోపల ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. మసకగా రాసిన మెయిల్ ఒక బీమా. స్పష్టంగా అడిగితే స్పష్టంగా కాదనొచ్చు. ‘12 నుంచి 16 వరకు ఇవ్వగలరా’ అంటే, ‘14న రిలీజ్ ఉంది, కుదరదు’ అన్న జవాబు అదే గంటలో రావచ్చు. అదే ‘సంక్రాంతి లీవ్’ అని రాసి, తేదీలు ఐదో పేరాలో దాచితే, ఆయన పూర్తిగా చదవకుండా వదిలేస్తాడు, జవాబు రాదు, మౌనం అంగీకారమని టికెట్ కొనుక్కోవచ్చు. రేపు గొడవైతే ‘నవంబర్‌లోనే మెయిల్ పెట్టాను కదా సార్’ అనొచ్చు. వినయం ముసుగు కింద నడిచే ఈ లెక్క నాకు అర్థం అవుతుంది, కాదనే మేనేజర్లు అంత కర్కశంగా ఉన్న చోట్ల అది పుట్టడంలో వింత కూడా లేదు. కానీ ఈ బీమా చెల్లేది తక్కువ. జనవరి 8న ‘ఇదెప్పుడు చెప్పావు’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు, చేతిలో కొన్న టికెట్టుతో, ఐదో పేరా చూపించి వాదించడం కంటే, నవంబర్‌లోనే కాదనిపించుకుని మరో తేదీకి బేరమాడుకోవడం నయం. అప్పుడు బేరానికి రెండు నెలలుంటాయి.

సబ్జెక్ట్ బాగా రాస్తే సెలవు వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు. రిలీజ్ వారంలో ఎంత చక్కగా అడిగినా రాదు. ఇంట్లో చావు జరిగినప్పుడు ‘విన్నపమా సమాచారమా’ అని ఎవరూ కొలవరు, ‘నాన్న పోయారు, ఊరికి వెళ్తున్నాను’ అని రెండు మాటలు చాలు, తేదీల కోసం ఆయనే తర్వాత ఫోన్ చేస్తాడు. సొంత నమూనా ఉన్న ఆఫీసుల్లో ఆ నమూనానే పాటించాలి. అవి వదిలేస్తే మిగిలిన నూటికి తొంభై మెయిళ్లకు, జ్వరాలకూ పెళ్లిళ్లకూ పండగలకూ, నేను చెప్పిన వరసలో ఎవరికీ అవమానం లేదు.

చివరగా జవాబు సంగతి ఒకటుంది. మేనేజర్లు సెలవు మెయిల్‌కి రాసే జవాబుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘నోటెడ్’. ఇచ్చినట్టా, చూసినట్టా? కాకినాడ అమ్మాయి మొదటి మెయిల్‌కి అదే వచ్చింది. దానికి ఆయన్ని తప్పుపట్టలేను. అడిగినదేమిటో తేలని చోట ఆయన మాత్రం ఏం తేలుస్తాడు? రెండోసారి రాసినప్పుడు ఆమె మొదటి వాక్యం వెంటనే మరొకటి చేర్చింది: ‘9వ తేదీ రైలుకి బుకింగ్ నవంబర్ 10 సోమవారం ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది, 7 శుక్రవారంలోగా అవునో కాదో చెబితే టికెట్ చూసుకుంటాను.’ ఆ మెయిల్‌కి ‘నోటెడ్’ అని రాయడం కష్టం. 6వ తేదీ సాయంత్రం జవాబు వచ్చింది: ‘16 తప్ప మిగతావి ఓకే, ఆ రోజు ఇంటి నుంచి పని చేయగలవా?’